తలుపు మీద మా అమ్మాయి రోజు

నాకు కోపం ఎక్కువని మా అత్త ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. కాదనను. కానీ రేపల్లెలో మా వీధి చివరున్న చిన్న స్కూల్లో పెద్ద టీచర్ మా అమ్మాయి సంచీ తెచ్చి నా చేతిలో పెట్టిన రోజు ఆ కోపం ఎటు పోయిందో తెలియదు. గుమ్మంలో అలా నిలబడిపోయాను.

"మీరు బాధపడతారని తెలుసమ్మా. పలక తియ్యమంటే ఏడుపు, తీసిన పలక లోపల పెట్టమంటే ఏడుపు. ఆటకి బయటికి రానంటుంది. వచ్చాక లోపలికి రానని నేల మీద పడి తల కొట్టుకుంటుంది. ఇంకో ముప్పై మంది పిల్లలున్నారు నాకు. నేనేం చెయ్యనండి?" అందావిడ.

మనిషి చెడ్డది కాదు. మా అమ్మాయి నుదుటి మీద బొప్పికి తడిగుడ్డ అద్ది మరీ పంపింది. నేను కదలకపోవడం చూసి కాస్త మెత్తబడింది.

"దసరా సెలవులయ్యాక తీసుకురండి. పదిహేను రోజులు చూస్తాను. కుదురుకుంటే ఉంటుంది. లేదంటే ఇక నన్ను అడక్కండమ్మా."

అప్పటికే రెండు స్కూళ్ళు వద్దన్నాయి. మిగిలింది ఇదొక్కటే. ఇదీ పోతే నా కూతురికి బడి అనేదే లేదు. అప్పుడు దానికి ఐదేళ్ళు. సంచీ ఒక చేత్తో, దాన్ని ఒక చేత్తో పట్టుకుని ఇంటికి నడుస్తూ ఒకటే లెక్క వేసుకున్నాను, దసరా దాకా మూడు నెలలు.

మాది దర్జీల ఇల్లు. ముందు గదిలో మా ఆయన మిషను, వెనక రెండు గదుల్లో మేమూ మా అత్తా. ఇంట్లో మా మాట ఉర్దూ, కొట్లోకొచ్చే వాళ్ళతో తెలుగు. మా అమ్మాయి మటుకు ఏ భాషలోనూ పెద్దగా మాట్లాడేది కాదు. మనమేదైనా అంటే అదే మాట మనకి తిరిగి అప్పజెప్పేది. "అన్నం తింటావా" అంటే "అన్నం తింటావా" అనేది. వాళ్ళ అబ్బా, అంటే నాన్న, మిషను పక్కన కూచుని గుండీలు రంగుల వారీగా వరస పెట్టుకుంటూ రెండు గంటలైనా ఉండేది. ఆ గుండీల దగ్గర్నుంచి లేపి స్నానానికి తీసుకెళ్ళాలంటే మాత్రం నా తల ప్రాణం తోకకొచ్చేది. స్నానం దగ్గర్నుంచి టిఫిన్‌కి, టిఫిన్ దగ్గర్నుంచి చెప్పులకి, ప్రతిదానికీ అదే గొడవ. పని ఇష్టం లేక కాదు. నీళ్ళలో దిగితే బయటికి రానని ఏడ్చే పిల్లే, నీళ్ళ దగ్గరికి వెళ్ళడానికీ ఏడ్చేది.

నేను మొండితనం అనుకున్నాను. కొట్టాను కూడా. దాచుకోను, రెండుసార్లు కొట్టాను. మా అత్త గాలి సోకిందని దర్గాకి తీసుకెళ్ళి తావీజు కట్టించింది. తావీజు దారం మెడకి గుచ్చుకుంటోందని పిల్ల దాన్ని తెంపి పారేసింది. దానికి మా అత్త నా మీద మూతి ముడుచుకుంది, నేనే తెంపమన్నట్టు.

బడి వద్దన్న ఆ వారమే గుంటూరులో ఒక పెద్ద డాక్టరు చూసి ఆటిజం అని పేరు చెప్పాడు. మందు లేదన్నాడు, నేర్పితే నేర్చుకుంటుందన్నాడు. తెనాలిలో ఇలాంటి పిల్లలకి నేర్పే మేడమ్ ఒకావిడ ఉందని, బాపట్ల నుంచి వారానికి రెండు రోజులు వచ్చి వెళుతుందని చిరునామా రాసిచ్చాడు. మర్నాడే పిల్లని చంకనేసుకుని రేపల్లె పాసింజరు ఎక్కాను.

తెనాలిలో ఒక ఎరువుల కొట్టు పైన మేడ మీద గది. మెట్లెక్కుతుంటేనే ఎరువుల ఘాటు. లోపల చాప, కొన్ని చెక్కముక్కలు, పూసలు, గోడకి ఒక పొడుగాటి అట్ట. మేడమ్‌కి నాకంటే పదేళ్ళు ఎక్కువుండొచ్చు. నన్నేమీ అడక్కుండా గంటసేపు మా పిల్లనే చూస్తూ కూచుంది. చెక్కముక్కలు వరస పెడుతున్న పిల్లని నేను "ఇంక చాలు, పద" అని లేపబోతే మొదలైంది. నేల మీద పడి గింగిరాలు. నాకు సిగ్గేసి గట్టిగా రెక్క పట్టుకున్నాను.

"వదలండమ్మా," అంది మేడమ్. "ఒక మాట చెప్పండి. మీరు కూర పోపేసుకుంటుంటే ఎవరో వచ్చి రెక్క పట్టుకుని లాక్కెళ్తున్నారు. ఎక్కడికో చెప్పరు, ఎంతసేపో చెప్పరు, మళ్ళీ మీ పొయ్యి దగ్గరికి పంపుతారో లేదో చెప్పరు. ఏం చేస్తారు?"

"వాళ్ళ జుట్టు పట్టుకుంటానండి," అన్నాను.

ఆవిడ నవ్వింది. "మీ అమ్మాయి పాపం మీ జుట్టు పట్టుకోవట్లేదు. తన తల నేలకి కొట్టుకుంటోంది, అంతే తేడా."

ఆ మాటకి నా కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. నేను ఐదేళ్ళ నుంచీ పిల్లకి చెప్పే తీసుకెళుతున్నాననుకున్నాను. "స్నానానికి పద" అని చెబుతున్నానుగా అన్నాను. మేడమ్ దానికి జవాబు నిదానంగా చెప్పింది. నోటి మాట అన్న మరుక్షణం పోతుంది, మా అమ్మాయి బుర్ర దాన్ని అందుకునే లోపే నేను రెక్క పట్టేస్తున్నాను. బొమ్మ అలా కాదు, ఉన్నచోటే ఉంటుంది, ఎన్నిసార్లైనా చూసుకోవచ్చు. అందుకని రోజులో చేసే పనులకి ఒక్కోదానికి ఒక్కో కార్డు. పైనుంచి కిందికి ఏ పని ముందో ఏది తర్వాతో ఆ వరసలో అంటించాలి. పని మొదలయ్యేటప్పుడు పిల్లే వచ్చి చూడాలి. అయ్యాక కార్డు పిల్ల చేత్తోనే తీసి "అయిపోయింది" అనే సంచీలో వెయ్యాలి. మొత్తం రోజు ఒక్కసారే పెట్టొద్దు, ముందు రెండు కార్డులతో మొదలుపెట్టండి, ముందు ఇది, తర్వాత ఇది. రెండోది పిల్లకి ఇష్టమైనదై ఉండాలి.

"ఇంకొకటి. కార్డుల దగ్గర వాడే మాటలు తక్కువుండాలి, ఎప్పుడూ అవే ఉండాలి. బడి భాష తెలుగు కాబట్టి తెలుగులోనే అనండి. ముందు, తర్వాత, అయిపోయింది. ఈ మూడూ చాలు," అంది.

"బొమ్మలు నేను గీయలేనండి."

"ఫోటోలు తీయించండి. మీ ఇంట్లో వస్తువులే ఉంటే ఇంకా మంచిది."

సెల్‌ఫోన్‌లో ఫోటోలు తీసే రోజులు కావవి. మా కొట్టుకి ఎదురుగా ఒక ఫోటో స్టూడియో ఉండేది. స్టూడియో అతను మా ఆయన దగ్గర చొక్కాలు కుట్టించుకునే మనిషి, ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చి రీలంతా మాకే వాడతానన్నాడు. ఫోటోలు తీసే మనిషి ఇంటికొస్తున్నాడంటే మా ఇళ్ళల్లో ఏం చేస్తారు? నేనూ అదే చేశాను. పిల్లకి తలంటి, కాటుక పెట్టి, రంజాన్‌కి కుట్టించిన చమ్కీల గులాబీ గౌను వేశాను. ఆ గౌనులోనే బకెట్టు పక్కన నిలబెట్టి స్నానం ఫోటో. ఆ గౌనులోనే ఇడ్లీ ముందు కూచోబెట్టి టిఫిన్ ఫోటో. ఆ గౌనులోనే చాప మీద పడుకోబెట్టి నిద్ర ఫోటో. మా అత్త కూడా ఇస్త్రీ చీర కట్టుకుని రెండు ఫోటోల్లో దూరింది. ప్రింట్లు వచ్చాక చూసుకుని నేనెంత మురిసిపోయానో. జెరాక్స్ షాపులో లామినేషన్ చేయించుకొచ్చాను.

మర్నాడు స్నానం కార్డు చూపించాను. పిల్ల కార్డు చూసింది, తన ఒంటి మీదున్న పాత గౌను చూసుకుంది, తిన్నగా బీరువా దగ్గరికి వెళ్ళి తలుపు మీద బాదడం మొదలుపెట్టింది. చమ్కీ గౌను వేస్తే తప్ప స్నానాల గదిలో కాలు పెట్టలేదు. వేశాక, దాన్ని విప్పితే తప్ప స్నానం కాదు కదా, విప్పనివ్వలేదు. టిఫిన్‌కీ అదే గౌను. మా అత్త వేరే చీరలో ఉందని నిద్రకి ఒప్పుకోలేదు. మూడు రోజులు ఆ గౌను తడిసీ ఆరీ చమ్కీలన్నీ ఇల్లంతా రాలాయి.

తెనాలి వెళ్ళి ఫోటోలు చూపిస్తే మేడమ్ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వండి నవ్వండి," అన్నాను ఒళ్ళు మండి. "మీరు చెబితేనే కదండి తీయించింది."

"తప్పు నాదేనమ్మా. చెప్పాల్సింది," అంది కళ్ళు తుడుచుకుని. "కానీ ఒకటి గమనించారా? మీ అమ్మాయి కార్డు చదివింది. మనకంటే జాగ్రత్తగా చదివింది. కార్డులో ఏముందో అదే చేస్తానంది. ఇంతకంటే ఏం కావాలి మనకి? మనిషి వద్దు, గౌను వద్దు. బకెట్టూ మగ్గూ తీయించండి. ఇడ్లీ పళ్ళెం తీయించండి. వెనకాల ఏమీ లేకుండా."

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూచుని నాలో నేనే నవ్వుకున్నాను. నిజమే. నా కూతురు చదివింది.

రెండో రీలులో బకెట్టు, మగ్గు, పళ్ళెం, చెప్పులు, పలక, గుండీల డబ్బా, చాప, రైలు. రైలుకి తప్ప అన్నిటికీ వెనకాల మా ఆయన తెల్ల లైనింగు గుడ్డ పట్టుకున్నాడు. అన్నం పళ్ళెం ముందు కూచుంటానని మా అత్త మళ్ళీ వచ్చింది. "మీరొద్దత్తయ్యా, పళ్ళెం ఒక్కటే" అంటే రెండు రోజులు మాట్లాడలేదు.

అక్కడి నుంచి మా ఆయన పని. ఆయన మాటలు తక్కువ మనిషి. పిల్ల విషయంలో నేను అరుస్తుంటే మిషను ఇంకాస్త జోరుగా తొక్కేవాడు, అంతే. కార్డుల సంగతి విన్నాక మాత్రం ముతక కాన్వాసు గుడ్డ ఒకటి నిలువుగా కత్తిరించి, దాని మీద పైనుంచి కిందికి వెల్క్రో పట్టీ కుట్టాడు. సంచుల మూతులకి కుడతారే, పీకితే చర్రుమనే పట్టీ, అది. మెత్త పట్టీ గుడ్డ మీద, గరుకు పట్టీ ముక్కలు కార్డుల వెనక. జిగురు పెడితే ఆ నున్నటి ప్లాస్టిక్ మీద నిలవలేదు. సైకిల్ షాపులో ట్యూబులకి రాసే సొల్యూషన్ తెచ్చి రాస్తే ఇక ఊడితే ఒట్టు. మా కొట్లో కుట్టడం అయిపోయిన బట్టలు పడేసే పెద్ద బుట్ట ఒకటుంది. అందులో పడిందంటే ఇక ఆ బట్టని మా ఆయన ముట్టుకోడు. పుట్టినప్పటి నుంచీ పిల్ల ఆ బుట్ట చూస్తోంది. అందుకని ఆయనే ఆలోచించి, అయిపోయిన కార్డులకి అదే ఆకారంలో చిన్న గుడ్డ బుట్ట కుట్టి గుడ్డ చివర వేలాడదీశాడు. దాన్ని పిల్లకి ఎవరూ నేర్పలేదు. మొదటి రోజే కార్డు చర్రున పీకి బుట్టలో పడేసి, "అయిపోయింది" అంది.

ముందు బకెట్టు, తర్వాత గుండీలు. రెండే కార్డులు. గుండీల డబ్బా కార్డు కింద కనబడుతోంది కాబట్టి, బకెట్టు దగ్గరికి వెళ్ళింది. ఏడవకుండా. నేను మగ్గు పట్టుకుని నీళ్ళు పొయ్యడం మర్చిపోయి కూచున్నాను. మా ఆయన మిషను ఆపి గుమ్మంలోకి వచ్చి చూసి మళ్ళీ వెళ్ళిపోయాడు. ఆయన తిరిగి తొక్కడానికి చాలాసేపు పట్టింది.

వారానికి రెండు కార్డులు మూడయ్యాయి, నెలకి ఆరు. మధ్యగది తలుపుకి తగిలించిన ఆ గుడ్డ మీద మా అమ్మాయి రోజు వేలాడుతుండేది. ఒక పని ఆపడానికి ముందు చెప్పాలని నేర్చుకున్నాను. "ఇంకో ఐదు గుండీలు, తర్వాత పళ్ళెం." చెప్పి, ఐదూ లెక్కపెట్టి, పళ్ళెం కార్డు దాని చేతికే ఇస్తే, అది పట్టుకుని నడిచి వచ్చేది. చేతిలో కార్డుంటే దారి తెలిసినట్టే దానికి. గురువారం పొద్దున్న రైలు కార్డు కనబడిందంటే చెప్పులు తనే తెచ్చుకునేది. ఏనుగెక్కినంత సంబరం నాకు. వీధిలో వాళ్ళు పిలవకపోయినా పిలిచి మరీ చూపించాను. "ఏంటి, బొమ్మలు చూసి స్నానం చేస్తుందా?" అని పక్కింటావిడ నోరెళ్ళబెడితే, "మీ వాడికీ చెయ్యమంటారా, వారానికొకసారైనా చేస్తాడు" అన్నాను.

ఆ పొగరు ఎంతో కాలం నిలవలేదు. ఒక రోజు పిల్ల నేను కాచిపెట్టిన పాలగిన్నె తన్నేసింది. ఒంటికాలి మీద లేచాను. తలుపు దగ్గరికి వెళ్ళి కింద ఉన్న గుండీల కార్డు పీకి, "పో, ఇవాళ గుండీల్లేవు" అని గూట్లో పారేశాను. పిల్ల ఖాళీ అయిన ఆ చోటు వంక చూసింది. కొంచెంసేపే. ఆ తర్వాత జరిగింది నేను రాయను. మర్నాడు బకెట్టు కార్డు ఇస్తే విసిరికొట్టింది. ఆ మర్నాడూ అంతే. తలుపు వైపు చూడటమే మానేసింది.

గురువారం దాకా ఆగి మేడమ్ దగ్గర ఒప్పుకున్నాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఆ తలుపు అబద్ధం ఆడదని నమ్మింది పిల్ల. మీరు ఆడించారు," అంది. "అది బెదిరించే బెత్తం కాదమ్మా. రైలు స్టేషన్లో బోర్డు లాంటిది. మీ మీద కోపమొచ్చి స్టేషన్ మాస్టారు మీ రైలు పేరు చెరిపేస్తే మళ్ళీ ఆ స్టేషన్‌కి వెళ్తారా?"

తల దించుకున్నాను. మళ్ళీ రెండు కార్డుల నుంచి మొదలు. పెట్టింది పెట్టినట్టు జరగాలి, ఆకాశం విరిగి మీద పడినా సరే. పదకొండు రోజులు పట్టింది నా కూతురు మళ్ళీ ఆ తలుపుని నమ్మడానికి. ఆ పదకొండు రోజులూ నోరు కుట్టేసుకుని ఉన్నాను. మా అత్త ఆశ్చర్యపోయి నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది.

దసరా దగ్గర పడుతుంటే నాకు అసలు భయం మొదలైంది. ఇంట్లో పెట్టింది పెట్టినట్టు జరిపిస్తాను. బడిలో? టీచర్ రాకపోతే, కరెంటు పోతే, ఆట రద్దయితే? మేడమ్ దానికీ ఒక కార్డు ఇచ్చింది. నారింజ రంగు అట్ట మీద వంపు తిరిగిన నల్ల బాణం. మార్పు కార్డు.

"దీన్ని చెడ్డ వార్తతో మొదలుపెట్టకండి," అంది. "ముందు మంచి మార్పులకే వాడండి. అట్లు అని పెట్టినచోట దీన్ని అంటించి, పక్కన ఐస్‌ఫ్రూట్ పెట్టండి. ఈ బాణం కనబడితే ఏదో వేరేది వస్తుంది, వచ్చేది ఏంటో కూడా కార్డు మీద ఉంటుంది అని తెలియాలి. తర్వాత మెల్లగా నచ్చనివి."

రోజుకొకటి చేశాం. అట్లకి బదులు ఐస్‌ఫ్రూట్. పలకకి బదులు వీధి చివరిదాకా షికారు. ఒక గురువారం తెనాలిలో దిగి మేడ మీద గదికి వెళ్ళకుండా, రైలు మారి బాపట్ల వెళ్ళాం. మేడమే రమ్మంది. బాణం పక్కన సముద్రం ఫోటో. సూర్యలంకలో మొదటి అల కాళ్ళకి తగిలితే పిల్ల వెనక్కి తిరిగి నా చేతిలో కార్డు చూసింది, మళ్ళీ సముద్రం చూసింది. రెండూ ఒకటే అని రుజువు చేసుకున్నాక కూచుంది ఇసకలో. ఆ తర్వాత నచ్చని మార్పులు. షికారుకి బదులు ఇంట్లోనే, గుండీలకి బదులు ఇంజక్షన్. ఏడ్చింది. కానీ తల కొట్టుకోలేదు. ఏడ్చుకుంటూనే బాణం పక్కనున్న కార్డు చేతిలో పట్టుకుని వచ్చింది.

సెలవులయ్యాక స్కూలుకి వెళ్ళేటప్పుడు మా ఆయన కుట్టిన చిన్న పట్టీ ఒకటి తీసుకెళ్ళాను. బల్లకి కట్టుకునేది. ప్రార్థన, పలక, ఆట, అన్నం డబ్బా, ఇల్లు. పక్కన చిన్న జేబు, అందులో మార్పు కార్డు. పెద్ద టీచర్ దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

"ముప్పై మందిలో నాకు ఈ బొమ్మలాటకి తీరికేదమ్మా?"

"మీరేమీ చెయ్యక్కర్లేదండి. ఆయమ్మకి నేను నేర్పుతాను. పదిహేను రోజులన్నారు కదండి."

పిల్లలకి మంచినీళ్ళూ అవీ చూసే ఆయమ్మకి నాలుగు రోజులు పక్కన కూచుని నేర్పాను. ఆవిడకి చదువు రాదు. రెండో రోజుకే నాకంటే బాగా చేసింది. మొదటి రోజు ఏడుపు రెండుసార్లు. మూడో రోజు ఒకసారి. ఏడో రోజు ఆట నుంచి లోపలికి వచ్చే వరసలో నా కూతురు రెండో మనిషిగా నిలబడింది, నేను గోడ అవతల దొంగలా నిలబడి చూశాను. పన్నెండో రోజు తుపాను కబురొచ్చింది.

రేపల్లెలో ఉన్నవాళ్ళకి తుపాను కబురు కొత్త కాదు. పొద్దున్న ఎండ ఉందని పంపేశాను. పదకొండింటికి గాలి లేచింది, ఆకాశం నల్లబడింది, బళ్ళు మూసేస్తున్నారని మైకు ఆటో అరుచుకుంటూ పోయింది. అన్నం డబ్బా కార్డు ఇంకా బల్ల మీదే ఉంటుంది. ఆట కార్డు కూడా. పొడుగాటి బెల్లు, అరుపులు, పరుగులు, సంచులు, ఎవరు ఎవరి చేయి పట్టుకుని లాగుతారో. పన్నెండు రోజుల కష్టం ఈ ఒక్క గంటలో కొట్టుకుపోతుందని తెలుసు నాకు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. చినుకులు గులకరాళ్ళలా కొడుతున్నాయి.

వీధి మలుపు నుంచే ఏడుపు వినబడాలి. నాకు తెలిసిన ఏడుపు, ఎంత గాలిలోనైనా గుర్తుపడతాను. వినబడలేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది.

గుమ్మంలోకి వెళ్ళేసరికి గది సగం ఖాళీ. నలుగురైదుగురు పిల్లలు ఏడుస్తున్నారు, మా అమ్మాయి కాదు. మా అమ్మాయి సంచీ వీపుకి తగిలించుకుని బల్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఇల్లు కార్డు. పక్కన నేల మీద, బల్ల ఎత్తుకి దిగి, పెద్ద టీచర్ కూచుని ఉంది. ఆవిడ చీర కుచ్చిళ్ళు తడిసి బురదగా ఉన్నాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆయమ్మ లేదండి," అంది నన్ను చూడగానే, తప్పు చేసిన మనిషిలా. "దూరం పిల్లల్ని దింపడానికి పంపాను. బెల్లు కొట్టేసరికి ఈ పిల్ల చెవులు మూసుకుని బల్ల కిందకి వెళ్ళిపోయింది. అయిపోయిందనుకున్నాను. నాకు ఆ కార్డులు ఎలా వాడాలో తెలియదు కదా. రెక్క పట్టుకుందామని చెయ్యి పెట్టాను."

"పట్టుకున్నారా?"

"లేదు. పట్టుకునేలోపు తనే బయటికొచ్చింది. జేబులోంచి ఆ బాణం కార్డు తీసింది. తీసి, నా మొహం ముందు పట్టుకుంది." ఆవిడ తన చెయ్యి అలాగే ఎత్తి చూపించింది. "పట్టుకుని, 'తర్వాత' అంది."

నాకు అర్థం కాలేదు. "తర్వాత అనడం వచ్చండి దానికి. మేం అంటే తిరిగి అంటుంది."

"నేనేమీ అనలేదమ్మా. నోరు తెరవనే లేదు. తనే అడిగింది. తర్వాత? అని. నా కళ్ళలోకి చూసి."

నా కూతురు పుట్టిన ఐదేళ్ళలో ఎవరినీ ఏదీ అడగలేదు. ఆకలేస్తే నా చేయి పట్టుకుని గిన్నె మీద పెట్టేది, దెబ్బ తగిలితే అరిచేది. అడగడం అనేది దానికి లేదు. అడిగితే జవాబొస్తుందన్న నమ్మకం ఉంటే కదా అడగడానికి.

"ఆయమ్మ వస్తుందేమోనని ముందు గుమ్మం వైపు చూశాను," అంటోంది పెద్ద టీచర్. "అప్పుడు ఆయమ్మ చేసేది గుర్తొచ్చింది. బాణం తీసుకుని ఆట ఉన్నచోట పెట్టాను. పక్కన ఇల్లు. అన్నం డబ్బా ఇల్లు కిందకి మార్చాను. ఇంటికెళ్ళాక అన్నం అని. తప్పా అండి?"

"తప్పు కాదండి," అన్నాను. తుపాను గాలి గదిలోకి కొడుతుంటే నేను అక్కడే గడప మీద కూలబడి ఏడ్చాను. మిగిలిన పిల్లలు తమ ఏడుపు ఆపి నన్ను చూశారు. నా కూతురు కూడా చూసింది. చూసి, ఇల్లు కార్డు నా చేతిలో పెట్టింది, దారి నాకు తెలియదేమో అన్నట్టు.

లేచి దాని చేయి పట్టుకుంటుంటే పెద్ద టీచర్ వెనక నుంచి పిలిచింది. నేను పదిహేను రోజుల సంగతి అనుకున్నాను. ఇంకా మూడు రోజులున్నాయి.

"రేపూ ఎల్లుండీ స్కూలు లేదమ్మా. దానికి కార్డుందా మీ దగ్గర?"

"లేదండి."

"మరి చేయించండి. తలుపు మీద పెట్టకుండా ఊరుకుంటే పిల్ల సంచీ వేసుకుని వచ్చేస్తుంది. తాళం చూసి ఏమనుకుంటుంది?" అంది, నన్నేదో మందలిస్తున్నట్టు. "స్కూలు తెరిచిన రోజుకి ఆ బాణం కార్డులు ఇంకో రెండు పంపించండి. నాక్కూడా ఒకటి కావాలి."

నేను తలూపాను. అలవాటైన నోరు కదా, ఏదో ఒకటి ఘాటుగా అనేదాన్నే. అనలేదు. ఆవిడ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. ఆవిడ కంగారుపడి వెనక్కి లాక్కుంది.

వానలో తడుస్తూ ఇంటికి నడిచాం. గుమ్మంలో మా అత్త తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది, మా ఆయన మిషను మీద గోనెసంచి కప్పుతున్నాడు. "ఏమైంది?" అన్నారిద్దరూ ఒక్కసారే. నేను చెప్పేలోపు పిల్ల తిన్నగా మధ్యగది తలుపు దగ్గరికి వెళ్ళింది. నా చేతిలోంచి ఇల్లు కార్డు తీసుకుంది. "అయిపోయింది" అని బుట్టలో వేసింది. తర్వాత తిరిగి మా ముగ్గురి వంకా చూసింది.

"తర్వాత?" అంది.

మా ఆయన చేతిలో గోనెసంచి కింద పడింది. మా అత్త తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను కిందికి వంగి, "అన్నం" అన్నాను. పళ్ళెం కార్డు చేతికిచ్చాను. పట్టుకుని వంటగదిలోకి నడిచింది. తిన్నాక వచ్చి మళ్ళీ అడిగింది. గుండీలు. గుండీలయ్యాక మళ్ళీ అడిగింది. చాప. మధ్యలో కరెంటు పోయింది, బయట రేకులు ఎగురుతున్న చప్పుడు, మా అమ్మాయి మాత్రం తలుపుకీ మాకూ మధ్య తిరుగుతూ అడుగుతూనే ఉంది. కార్డు ఉన్నవాటికి కార్డు ఇచ్చాను, లేనివాటికి మా ఆయన సుద్దముక్కతో అట్ట మీద బొమ్మ గీసిచ్చాడు. ఆ రోజంతా ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. అన్నిసార్లూ జవాబు చెప్పాను. ఒక్కసారి కూడా విసుక్కోలేదు నేను. కావాలంటే మా అత్తని అడగండి.